సీటెడ్ లెగ్ కర్ల్, లైయింగ్ లెగ్ కర్ల్: వంగేది మోకాలే అయినప్పుడు తుంటి కోణంతో పనేంటి?

శ్రావణి_కె
మా జిమ్‌లో రెండు మెషీన్లూ పక్కపక్కనే ఉన్నాయి. నేను మొదటి నుంచీ బోర్లా పడుకుని చేసే లైయింగ్ కర్లే చేస్తున్నాను. 30 కిలోలతో పది రెప్స్ వస్తాయి. కోచ్ ఈ మధ్య సీటెడ్‌కి మారమన్నారు, తొడ వెనక కండరం అక్కడే ఎక్కువ పెరుగుతుందట. కారణం అడిగితే "తుంటి కోణం" అని ఊరుకున్నారు.

నాకు అర్థం కానిది ఇది. రెండింట్లోనూ కదిలేది మోకాలు ఒక్కటే. తుంటి రెండు చోట్లా కదలకుండా ఉంటుంది. కదలని కీలు కండరం పెరుగుదలను ఎలా మారుస్తుంది? పైగా పడుకుని చేసేటప్పుడు చివర్లో తొడ వెనక గట్టిగా పట్టేసినట్టు అవుతుంది. సీటెడ్‌లో ఆ పట్టు రాదు, 40 కిలోలు కూడా లాగేయగలుగుతున్నాను. అంటే అది తేలిక అనే కదా?

నరేష్_లిఫ్ట్స్
మీ అనుమానం కరెక్టే అండి. కండరం పూర్తిగా ముడుచుకునే చోట బరువు పట్టి ఆపాలి, పెరుగుదల అక్కడే ఉంటుంది. లైయింగ్‌లో మడమ పిరుదు దాకా వస్తుంది కాబట్టి ఆ బిగింపు దొరుకుతుంది. సీటెడ్‌లో సీటు అడ్డొస్తుంది, అంత దూరం రాదు. 40 కిలోలు వస్తున్నాయంటే ఆ మెషీన్ లివర్ మీకు సాయం చేస్తోందన్నమాట. ఒక్కో కంపెనీ మెషీన్‌లో ప్లేటు మీద రాసిన బరువు ఒక్కోలా పడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

భాస్కర్_వి
నరేష్ గారు చివర చెప్పిన మాట నిజం. రెండు వేర్వేరు మెషీన్ల మీద రాసిన కిలోలను పక్కపక్కన పెట్టి ఏమీ తేల్చలేం. కానీ పెరుగుదలంతా ముడుచుకున్న చోటే ఉంటుందనేది ఈ కండరం విషయంలో నిలబడదు.

శ్రావణి గారి అసలు ప్రశ్నకు వస్తాను. తుంటి కదలడం లేదు, నిజమే. కానీ అది ఎక్కడ ఆగి ఉంది అన్నదాన్ని బట్టే కండరం ఎంత పొడవు నుంచి పని మొదలుపెట్టాలో ముందే ఖాయమైపోతుంది. తొడ వెనక కండరాలైన హామ్‌స్ట్రింగ్స్‌లో ఎక్కువ భాగం రెండు కీళ్లు దాటి వెళ్తుంది. పైకొస పిరుదు కింద మనం కూర్చునే ఎముకకు, కింది కొస మోకాలు దాటాక పిక్క ఎముకలకు అతుక్కుని ఉంటాయి. తుంటి వంచితే పైకొస వెనక్కీ పైకీ జరిగి కండరం సాగుతుంది. మోకాలు వంచితే కింది కొస దగ్గరకొచ్చి కండరం పొట్టిదవుతుంది.

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం, అందులోనే అసలు సంగతి ఉంది. కీలు మధ్య నుంచి కండరం ఎంత ఎడంగా పోతుందో, ఆ ఎడాన్ని బట్టి కోణం తిరిగినప్పుడు పొడవు మారుతుంది. బావి గిలక పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ తాడు కదులుతుంది కదా, అలాగే. హామ్‌స్ట్రింగ్స్‌కు ఈ ఎడం తుంటి దగ్గర సుమారు 5 నుంచి 6 సెంటీమీటర్లు, మోకాలి దగ్గర 3 నుంచి 4. మనిషిని బట్టి, కండరాన్ని బట్టి మారుతుంది కాబట్టి మధ్యలో 5.5, 3.5 అనుకుందాం.

లైయింగ్ మెషీన్‌లో బెంచ్ మధ్యలో వంపు ఉంటే తుంటి సుమారు 30 డిగ్రీలు వంగి ఉంటుంది. సీటెడ్‌లో నిటారుగా కూర్చుంటే 90. తేడా 60 డిగ్రీలు. 5.5 సెంటీమీటర్ల ఎడం మీద 60 డిగ్రీలంటే దాదాపు 5.8 సెంటీమీటర్లు. అంటే మోకాలు ఇంకా కదపకముందే, కూర్చున్నవాళ్ల కండరం పడుకున్నవాళ్ల కండరం కన్నా అంత ఎక్కువ సాగి ఉంది.

ఇక మోకాలిని నిటారు నుంచి 90 డిగ్రీల దాకా వంచారనుకోండి. 3.5 సెంటీమీటర్ల ఎడం మీద అది 5.5 సెంటీమీటర్ల దాకా పొట్టిదవుతుంది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. సీటెడ్‌లో రెప్ అయిపోయే చోట కండరం ఎంత పొడవుందో, లైయింగ్‌లో రెప్ మొదలయ్యే చోట దాదాపు అంతే ఉంది.

శ్రావణి_కె
ఒక్క నిమిషం భాస్కర్ గారూ. అంటే లైయింగ్‌లో నా కాలు పూర్తిగా చాచి ఉన్నప్పుడు, అంటే నేను ఇంకా ఏమీ లాగకముందు ఉన్న పొడవు, సీటెడ్‌లో మొత్తం లాగేశాక మిగిలే పొడవుతో సమానమా? రెండూ ఒకే వ్యాయామం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఇవి రెండు వేర్వేరు పొడవుల్లో జరిగే పనులా?

భాస్కర్_వి
దాదాపు అంతే. తుంటినీ మోకాలినీ దాటే మూడు కండరాలకూ అంకె ఒకటే కాదు. లోపలి వైపు ఉండే సెమీటెండినోసస్‌కు మోకాలి దగ్గర ఎడం కొంచెం ఎక్కువ కాబట్టి అక్కడ రెండు పరిధులూ కొంత కలుస్తాయి. బయటి వైపు బైసెప్స్ ఫెమొరిస్ పొడవాటి పాయకు కలయిక చాలా తక్కువ. బొమ్మ మాత్రం మీరు పట్టుకున్నదే.

ఇక ఆ పట్టేసినట్టు అవడం గురించి. కండరపు నారలో సన్నని తీగలు, లావు తీగలు ఒకదాని మీద ఒకటి జారుతూ లాగుతాయి. కండరం మరీ పొట్టిదైతే ఆ తీగలు ఒకదాని మీద ఒకటి ఎక్కేసి, పట్టు దొరకక బలం పడిపోతుంది. బోర్లా పడుకుని మడమను పిరుదు దాకా తెస్తే తుంటి వైపూ మోకాలి వైపూ రెండు కొసలూ దగ్గరకొచ్చేస్తాయి. మెదడు ఎంత గట్టిగా లాగమన్నా కండరం దగ్గర ఇవ్వడానికి బలం ఉండదు. ఆ పాట్లే మీకు పట్టేసినట్టు తెలుస్తాయి, ఒక్కోసారి నిజంగానే కండరం పట్టేస్తుంది కూడా. కష్టంగా అనిపించడం వేరు, నార మీద ఎక్కువ లాగుడు పడటం వేరు. సీటెడ్‌లో కండరం సాగి ఉన్నప్పుడు తీగలకు మంచి పట్టు దొరుకుతుంది, దానికి తోడు సాగిన కండరం రబ్బరులా వెనక్కి లాగే బలం కూడా కలుస్తుంది. అందుకే మీరు ఎక్కువ బరువు లాగగలుగుతున్నారు. మెషీన్ తేడా కూడా కొంత ఉండొచ్చు, ఒకే మెషీన్ మీద కొలిస్తే తప్ప ఎంతో విడదీయలేం.

జిమ్‌లో ఎవరైనా లైయింగ్ కర్ల్ ఎక్కువ బరువుతో చేస్తుంటే పక్క నుంచి గమనించండి. ఆరో ఏడో రెప్ దగ్గర పిరుదులు బెంచ్ మీద నుంచి పైకి లేస్తాయి. అందరూ దాన్ని మోసం అంటారు. అక్కడ జరిగేది తుంటి వంగడం. తుంటి వంగితే హామ్‌స్ట్రింగ్ కాస్త సాగుతుంది, సాగితే బలం వస్తుంది, ఆగిపోయిన రెప్ పూర్తవుతుంది. శరీరం తనంతట తానే ఎక్కువ పొడవున్న చోటికి వెళ్తోంది. బెంచ్ మధ్యలో వంపు పెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. బల్లపరుపు బెంచ్ మీద తుంటి దాదాపు నిటారుగా ఉంటుంది కాబట్టి కండరం ఇంకా పొట్టిగా పనిచేయాల్సి వస్తుంది.

రాజు_పి
నాకో డౌట్. నేను రోజంతా కూర్చునే ఉద్యోగం. కూర్చుంటే హామ్‌స్ట్రింగ్స్ పొట్టిగా అయిపోతాయని అందరూ అంటారు. మళ్లీ జిమ్‌కి వచ్చి కూర్చునే చేస్తే ఇంకా బిగుసుకుపోవా? నాకైతే పడుకుని చేయడమే మంచిదనిపిస్తోంది.

మాధవి_ఫిజియో
రాజు గారూ, ఇక్కడ మాట్లాడుతున్నది కుర్చీలో కూర్చోవడం గురించి కాదండి. కుర్చీలో తుంటి వంగుతుంది, మోకాలు కూడా వంగుతుంది. ఒకటి సాగదీస్తే ఇంకొకటి వదులు చేస్తుంది. సీటెడ్ కర్ల్‌లో మొదలయ్యేటప్పుడు తుంటి వంగి, మోకాలు చాచి ఉంటుంది. ఆ రెండూ కలిస్తే తొడ వెనక బాగా సాగుతుంది. కుర్చీలో కూర్చుని ఒక కాలు ముందుకు చాచి, నడుము వంచకుండా కొంచెం ముందుకు వంగి చూడండి, తేడా తెలిసిపోతుంది. కాబట్టి మీ భయానికి ఈ వ్యాయామం కారణం కాదు.

శ్రావణి గారి ప్రశ్నకు సూటిగా సరిపోయే పరిశోధన ఒకటి ఉంది. 2021లో సుమియాకి మాయెవో బృందం ప్రచురించింది. 20 మంది మనుషులు, 12 వారాలు, వారానికి రెండు రోజులు. ఒకే మనిషి ఒక కాలితో సీటెడ్ కర్ల్, రెండో కాలితో లైయింగ్ కర్ల్ చేశారు. సీటెడ్‌లో తుంటి 90 డిగ్రీలు, లైయింగ్‌లో 30, భాస్కర్ గారు తీసుకున్న అంకెలే. ప్రతిసారీ ఐదు సెట్లు, పదేసి రెప్స్, ఒక్క రెప్‌కు లాగగలిగే గరిష్ఠ బరువులో 70 శాతం. చివర్లో ఎమ్‌ఆర్‌ఐ తీసి ఒక్కో కండరం పరిమాణం కొలిచారు. మొత్తం హామ్‌స్ట్రింగ్స్ సీటెడ్ కాలిలో 14 శాతం, లైయింగ్ కాలిలో 9 శాతం పెరిగాయి.

ఒకే మనిషి రెండు కాళ్లు కాబట్టి తిండి, నిద్ర, పుట్టుకతో వచ్చిన తేడాలు రెండు వైపులా ఒకటే. అందుకే ఈ ఫలితాన్ని నేను గట్టిగా నమ్ముతాను.

నాకు ఇంకా బలంగా అనిపించేది వేరే సంగతి. హామ్‌స్ట్రింగ్స్‌లో ఒక్క పాయ మాత్రం తుంటి దాటదు. బైసెప్స్ ఫెమొరిస్ పొట్టి పాయ తొడ ఎముక మీదే మొదలై మోకాలు దాటుతుంది. దానికి మీరు కూర్చున్నా పడుకున్నా ఒకటే, తుంటి కోణం దాని పొడవును మార్చలేదు. భాస్కర్ గారు చెప్పిన కారణమే నిజమైతే ఆ పాయలో రెండు కాళ్లకూ తేడా రాకూడదు. రాలేదు. సీటెడ్‌లో 10 శాతం, లైయింగ్‌లో 9. తుంటి దాటే మూడు కండరాల్లో మాత్రం సీటెడ్ వైపు పెరుగుదల 8 నుంచి 24 శాతం, లైయింగ్ వైపు 4 నుంచి 19. సీటెడ్ మెషీన్ మంచిది కాబట్టో, అందులో బరువు ఎక్కువ కాబట్టో ఈ తేడా వచ్చి ఉంటే పొట్టి పాయ కూడా కలిసి పెరిగేది.

నరేష్_లిఫ్ట్స్
వాళ్లు ఎన్నాళ్లుగా జిమ్ చేస్తున్నవాళ్లు మేడమ్? కొత్తవాళ్లకు ఏం చేసినా పెరుగుతుంది. 14కి 9కి తేడా చెప్పుకోదగ్గదేమీ కాదు. లైయింగ్ చేసినవాళ్లు కూడా పెరిగారు కదా. పైగా నేను రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ చేస్తాను, సాగిన చోట పని దాంట్లో ఎలాగూ అయిపోతుంది. కాబట్టి నాకు కర్ల్‌లో కావలసింది బిగింపే. మళ్లీ సాగిన చోటే ఎందుకు చేయాలి?

మాధవి_ఫిజియో
వాళ్లు రెగ్యులర్‌గా బరువులు చేసేవాళ్లు కాదు, మీరన్నది ఒప్పుకుంటాను. ఏళ్ల తరబడి చేసినవాళ్లలో ఈ తేడా ఇంతే ఉంటుందని ఆ పరిశోధన చెప్పదు. లైయింగ్ పనికిరాదని కూడా చెప్పదు. ఒక్కో కాలి హామ్‌స్ట్రింగ్స్‌ను 100 అనుకుంటే, 12 వారాల తర్వాత ఒకటి 114, ఇంకొకటి 109. బయట నుంచి చూస్తే గుర్తుపట్టలేరేమో. కానీ అవే ఐదు సెట్లు, అదే సమయం, అదే శ్రమ. పెరిగిన భాగాన్ని మాత్రమే చూస్తే 9కి 14 అంటే సగానికి పైగా ఎక్కువ. పక్క మెషీన్ మీద కూర్చున్నందుకు దక్కేది అదైతే నేనైతే వదులుకోను.

డెడ్‌లిఫ్ట్ గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న. దాంట్లో మోకాలు దాదాపు కదలదు, పనంతా తుంటి దగ్గరే. కాబట్టి ఆ పొట్టి పాయకు అక్కడ పని చాలా తక్కువ పడుతుంది, అందుకోసం ఏదో ఒక కర్ల్ కావాలి. ఆ కర్ల్ పడుకుని చేసినా ఆ పాయకు నష్టం లేదు, పైన చూశాం. రెండూ చేసే మనిషికి డెడ్‌లిఫ్ట్ పక్కన సీటెడ్ వల్ల ఇంకా ఎంత లాభం మిగులుతుందన్నది ఈ 20 మంది ఫలితం నుంచి లాగలేం. మీ పద్ధతిలో తర్కం ఉంది. కానీ "పెరుగుదల బిగింపు దగ్గరే" అన్న మీ మొదటి మాటకు మాత్రం ఈ ఫలితం అడ్డం తిరుగుతుంది.

నరేష్_లిఫ్ట్స్
మీరు చెప్పిన పొట్టి పాయ పాయింట్ ఆలోచించాల్సిందే. కానీ నేను కళ్లారా చూస్తున్నాను, లైయింగ్ తర్వాత తొడ వెనక ఎంత ఉబ్బుతుందో. సీటెడ్ తర్వాత అంత రాదు. దాన్ని కొట్టిపారేయలేను.

వంశీ_జి
నేను సీటెడ్ మొదలుపెట్టి చాలాకాలమైంది, తొడ వెనక సాగినట్టే అనిపించదు. నాకు పనంతా పిక్కల్లో, మోకాలి వెనకే తెలుస్తోంది. తుంటి 90 డిగ్రీలు ఉంటే సరిపోతుందంటే మరి నా దగ్గర ఎక్కడ పోతోంది ఆ సాగుడు?

భాస్కర్_వి
వంశీ, మూడు ప్రశ్నలు. తొడల మీద పడే ప్యాడ్‌ను ఎంత గట్టిగా బిగిస్తున్నావు? కాలు చాచినప్పుడు మోకాలు ఎంతవరకు నిటారవుతుంది? రెప్ లాగేటప్పుడు నడుము వెనక ప్యాడ్‌కు ఆనుకుని ఉంటుందా, సీటు మీద ముందుకు జారుతున్నావా?

వంశీ_జి
తొడ ప్యాడ్ వదులుగానే పెడతాను, గట్టిగా పెడితే నొక్కుకుంటోంది. కాలు చాచినప్పుడు ఇంకా కొంచెం వంగి ఉండగానే ప్లేట్లు టక్కున కింద ఆనుతాయి. జారడం అవును, చివరి రెప్స్‌కి వచ్చేసరికి దాదాపు సోఫాలో పడుకున్నట్టు అయిపోతాను.

భాస్కర్_వి
అయితే సమాధానం నువ్వే చెప్పేశావు. ముందు జారడం సంగతి చూద్దాం. పిరుదులు సీటు మీద ముందుకు జారి, కింది నడుము గుండ్రంగా అయితే కటి ఎముక వెనక్కి దొర్లుతుంది. కండరం పైకొస అతుక్కున్న ఎముక కటిలోదే కదా. కటి వెనక్కి దొర్లితే ఆ కొస మోకాలి వైపుకు జరుగుతుంది. బయటికి నువ్వు కూర్చునే ఉన్నావు, లోపల తుంటి 90 బదులు 60, 65 దగ్గరికి వచ్చేసింది. పైన వేసిన లెక్క ప్రకారం 25 డిగ్రీలు పోతే దాదాపు 2.4 సెంటీమీటర్లు పోయినట్టే. సీటెడ్ మెషీన్ ఎక్కి సగం దూరం లైయింగ్ వైపు వెళ్లిపోతున్నావు.

జారడానికి కారణం తొడ ప్యాడ్. మడమల దగ్గర రోలర్‌ను కిందికి నొక్కినప్పుడు తొడలు పైకి లేవాలని చూస్తాయి. వాటిని పై నుంచి పట్టేది ఆ ప్యాడే. వదులుగా ఉంటే తొడలు లేస్తాయి, తొడలతో పాటు పిరుదులు ముందుకు వస్తాయి. మోకాలి చిప్ప మీద కాకుండా దానికి కొంచెం పైన, తొడ కింది భాగం మీద పడేలా పెట్టి బిగించు. నొక్కుకోవడం చాలావరకు ప్యాడ్ చిప్ప మీద పడటం వల్లే వస్తుంది.

ప్లేట్లు ముందే ఆనడం రెండో లోపం. రోలర్ చెయ్యి ఏ కోణం నుంచి మొదలవాలో పెట్టే పిన్ను మెషీన్ పక్కన ఉంటుంది. దాన్ని ఒకటి రెండు రంధ్రాలు జరిపితే మోకాలు దాదాపు నిటారయ్యే దాకా బరువు గాల్లోనే ఉంటుంది. ఇప్పుడు నువ్వు పోగొట్టుకుంటున్నది మొదటి 20, 30 డిగ్రీలు. అవే కండరం అన్నిటికన్నా పొడవుగా ఉండే డిగ్రీలు. సీటెడ్ ఎంచుకునేదే వాటి కోసం.

వెనక ప్యాడ్‌ను కూడా చూసుకో. మోకాలి కీలు మెషీన్ ఇరుసుకు ఎదురుగా రావాలి. ఇరుసు మోకాలికి ముందుందంటే నువ్వు బాగా వెనక కూర్చున్నావని అర్థం, అప్పుడు రోలర్ రెప్ మధ్యలో పిక్క మీద జారుతుంది. పిక్కల్లో పని తెలియడానికి అదో కారణం కావొచ్చు. పిక్క కండరం కూడా మోకాలు దాటుతుంది కాబట్టి కొంత సాయం చేయడం మామూలే, దాన్ని పూర్తిగా ఆపలేవు.

ఇవన్నీ సరిచేశాక ఇప్పుడు లాగే బరువు రాదు. ప్లేట్లు తగ్గించి, కిందికి వదిలేటప్పుడు మెల్లగా వదులు. సరిగ్గా కూర్చున్నావో లేదో తెలుసుకోవడం తేలికే. మోకాలు చాచినప్పుడు తొడ వెనక మధ్యలో, పిరుదు కింద సాగినట్టు తెలియాలి. మోకాలి వెనకే తెలుస్తోందంటే కటి ఇంకా దొర్లుతోంది.

మాధవి_ఫిజియో
ఒక్క జాగ్రత్త కలుపుతాను. సాగినట్టు తెలిసేది తొడ కండరంలో ఉండాలి. పిక్కలోకో పాదంలోకో జివ్వుమని పాకినా, తిమ్మిరెక్కినా, తల వంచితే ఎక్కువై తల ఎత్తితే తగ్గినా, అది కండరం కాదు, నరం లాగుతోంది. తుంటి వంగి మోకాలు చాచి ఉంటే వెనక నరం కూడా సాగుతుంది. అలాంటప్పుడు ముందుకు వంగకండి, మోకాలు పూర్తిగా చాచకండి, ఎవరికైనా చూపించుకోండి.

కవిత_ఆర్
నా కేసు కొంచెం వేరు. మోకాలి లిగమెంట్ తెగితే నా తొడ వెనక నుంచే, సెమీటెండినోసస్ స్నాయువు తీసి అతికించారు. ఆపరేషన్ అయిన కాలు మామూలుగా అన్నీ చేస్తుంది కానీ బోర్లా పడుకుని మడమను పిరుదు దగ్గరకు తేవాలంటే చివరి భాగంలో అసలు బలం ఉండదు. రెండో కాలు తేలిగ్గా వచ్చేస్తుంది. సీటెడ్‌లో రెండు కాళ్లకూ పెద్ద తేడా తెలియదు. మీ లెక్క ప్రకారం నేను సీటెడ్ మాత్రమే చేయాలా?

మాధవి_ఫిజియో
కవిత గారూ, మీ పరిస్థితిలో నేను అలా చెప్పను. ఆ స్నాయువు తీసినవాళ్లలో మోకాలు బాగా వంగిన చోట, అది కూడా తుంటి చాచి ఉన్నప్పుడు బలం తగ్గడం బాగా తెలిసిన విషయం. ఆ కోణంలో బలం మిగతా కండరాల కన్నా సెమీటెండినోసస్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. సీటెడ్‌లో తేడా తెలియకపోవడానికి కారణం అక్కడ మిగతా కండరాలకు మంచి పట్టు దొరికి లోటు కప్పేయడం. అంటే మీకు ఏది లేదో చూపించేది లైయింగే.

పెంచడానికి సీటెడ్ ఉంచుకోండి, కానీ ఆ బలం లేని చోట కూడా తక్కువ బరువుతో ఒక్కో కాలితో విడిగా పని చేయించడం అవసరం. ఎంత, ఎప్పుడు అన్నది మిమ్మల్ని చూసిన ఫిజియోనే చెప్పాలి. కండరం పరిమాణం పెంచడం, ఒక ప్రత్యేక కోణంలో బలం తెచ్చుకోవడం రెండూ ఒకటి కాదు. నరేష్ గారి బిగింపుకు ఇక్కడ చోటుంది.

సంతోష్_డి
మా జిమ్‌లో సీటెడ్ మెషీన్ లేదు. బల్లపరుపు లైయింగ్ ఒక్కటే. మోచేతుల మీద లేచి ఛాతీ పైకెత్తి చేస్తే తుంటి కోణం మారుతుందా?

భాస్కర్_వి
మారదు. ఛాతీ ఎత్తితే నడుము వెనక్కి వంగుతుంది. తుంటి అలాగే నిటారుగా ఉంటుంది, ఒక్కోసారి ఇంకా చాచుకుంటుంది. మీకు కావలసింది దానికి తిరగబడిన పని. పొత్తికడుపు కింద, తుంటి దగ్గర మందంగా మడిచిన ప్యాడ్ పెట్టుకోండి. పిరుదులు పైకి లేచి, తొడలు కిందికి వాలితే తుంటి కొంత వంగుతుంది. సీటెడ్‌లో వచ్చినంత రాదు, ఉన్నదాని కన్నా నయం. మోకాలు ఇరుసుకు ఎదురుగా ఉందో లేదో ప్యాడ్ పెట్టాక మళ్లీ చూసుకోండి, తుంటి లేస్తే మోకాలు జరుగుతుంది.

కేబుల్ మెషీన్ ఉంటే ఇంకా మంచి దారి ఉంది. కింది పుల్లీకి చీలమండ పట్టీ తగిలించి, దేన్నైనా పట్టుకుని, వీపు నిటారుగా ఉంచి ముందుకు వంగి ఒక్కో కాలితో కర్ల్ చేయండి. కర్ల్ చేసే కాలి తొడ నేలకు నిటారుగా ఉండి ఒళ్లు ఎంత ముందుకు వాలితే తుంటి అంత వంగినట్టు. బరువు తక్కువే పడుతుంది, నిలబడటమే కష్టం. కానీ పొడవు మాత్రం దొరుకుతుంది.

శ్రావణి_కె
ఇవాళ పై పద్ధతిలో సీటెడ్ చేశాను. తొడ ప్యాడ్ బిగించి, పిన్ను జరిపి, పిరుదులు వెనక ప్యాడ్‌కు ఆనించి కూర్చుంటే 40 కిలోలతో ఆరో రెప్ దగ్గరే ఆగిపోయాను. 32.5కి తగ్గిస్తే పది వచ్చాయి. అంటే అంతకుముందు వచ్చిన 40 కిలోల్లో కొంత పిన్ను వల్ల వచ్చిందే.

ఇంకొక ప్రశ్న. తొడ వెనక ఎక్కువ సాగాలంటే వెనక ప్యాడ్ వదిలేసి ముందుకు వాలి కూర్చుంటే? 90 కాస్తా 110 అవుతుంది కదా. లెక్క ప్రకారం ఇంకో రెండు సెంటీమీటర్లు.

భాస్కర్_వి
లెక్క సరిగ్గానే వేశారు, 1.9 వస్తుంది. చేసేవాళ్లు ఉన్నారు, నేనూ చేస్తాను. వీపు గుండ్రంగా కాకుండా తుంటి దగ్గర వంగాలి, చేతులతో ముందున్న హ్యాండిల్స్ లాగి పట్టుకోవాలి. లేకపోతే వంశీ చేసినట్టే కటి దొర్లి, తల ముందుకు వచ్చినా తుంటి మారదు.

కానీ 30 నుంచి 90కి వెళ్తే వచ్చిన లాభమే 90 నుంచి 110కి కూడా అదే లెక్కన వస్తుందనుకోకండి. కండరం ఒక పొడవు దాటాక తీగల పట్టు మళ్లీ తగ్గడం మొదలవుతుంది. అది ఎక్కడ మొదలవుతుందో మనిషి మనిషికీ మారుతుంది. తొడ వెనక బిగుతుగా ఉన్నవాళ్లకు 90 దగ్గరే మోకాలు పూర్తిగా చాచడం కష్టం. వాళ్లు వాలితే పైన సంపాదించింది మోకాలి దగ్గర పోగొట్టుకుంటారు. వాలినప్పుడు కూడా మీ మోకాలు ఇప్పటిలాగే చాచుకుంటే వాలండి, లేదంటే ప్యాడ్‌కు ఆనుకునే చేయండి.

నరేష్_లిఫ్ట్స్
నేను ఒక పని చేస్తాను. ఎడమ కాలు సీటెడ్, కుడి కాలు లైయింగ్, డెడ్‌లిఫ్ట్ రెండిటికీ ఒకటే. మూడు నెలల తర్వాత టేపుతో తొడ కొలిచి ఇక్కడ పెడతాను.

మాధవి_ఫిజియో
నరేష్ గారూ, టేపు తొడ ముందు కండరాన్ని, కొవ్వును కూడా కలిపి కొలుస్తుంది. వెనక కండరం ఐదు శాతం మారితే చుట్టుకొలతలో అది టేపు పట్టుకునే తేడాకు లోపలే ఉండిపోవచ్చు. ఒక్క కాలితో ఒకే సీటెడ్ మెషీన్ మీద, ఒకే సెట్టింగ్‌లో రెండు కాళ్లకూ ఎన్ని రెప్స్ వస్తున్నాయో కూడా రాసుకోండి. అందులోనూ చిక్కుంది. ఏ మెషీన్ మీద సాధన చేస్తే దానిమీద బలం ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి సీటెడ్ కాలికి మొగ్గు ఉంటుంది. లైయింగ్ మీద కూడా రెండు కాళ్లనూ కొలవండి.

నరేష్_లిఫ్ట్స్
సరే, రెండు మెషీన్ల మీదా రెండు కాళ్లూ కొలుస్తాను. సోమవారం మొదలు.